రిఫండ్ ఎక్కడ ఆగింది?

ఆగస్టులో ఆదాయపు పన్ను రిటర్ను వేశారు. దసరాకి డబ్బు రాలేదు, దీపావళికి రాలేదు, సంక్రాంతి కూడా దాటిపోయింది. మీ తర్వాత వేసిన తోటి ఉద్యోగికి రెండు వారాల్లోనే పడింది. అప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే. దొరికిన ప్రతి చోటా ఒకే ఫిర్యాదు పెడతారు: ‘నా రిఫండ్ ఇంకా రాలేదు, వెంటనే ఇప్పించండి’. కొన్నాళ్లకు ‘ఇది మా పరిధిలోది కాదు’ అనో, ‘మీ ఫిర్యాదును ముగించాం’ అనో జవాబు వస్తుంది. డబ్బు మాత్రం రాదు.

ఎందుకంటే రిఫండ్ మొత్తం ఒకే ఆఫీసు చేతిలో ఉండదు. రిటర్నును వెరిఫై చేయాల్సింది మీరు. లెక్క తేల్చేది బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్, అందరూ సీపీసీ అనే ఆఫీసు. తేల్చిన డబ్బును ఖాతాలో వేసేది స్టేట్ బ్యాంకు. పాత బాకీ ఉన్నా, పరిశీలన అవసరమైనా మీ ఊరి పరిధిలోని అసెసింగ్ ఆఫీసరు రంగంలోకి వస్తారు. కాబట్టి ఎవరిని అడగాలన్నది రెండో ప్రశ్న. ఎక్కడ ఆగిందన్నది మొదటి ప్రశ్న.

ఆలస్యమంటే ఎంత?

వెరిఫికేషన్ పూర్తయ్యాక మామూలుగా నాలుగైదు వారాల్లో రిఫండ్ వస్తుంది. అది అలవాటు మాత్రమే, చట్టం పెట్టిన గడువు కాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 143(1) సెక్షన్ ప్రకారం, రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక మరో 9 నెలల దాకా సీపీసీ తన లెక్క తెలిపే ఇంటిమేషన్ పంపవచ్చు. అంటే 2025 ఆగస్టులో వేసిన రిటర్నుకు ఆ సంవత్సరం 2026 మార్చి 31తో ముగుస్తుంది, గడువు 2026 డిసెంబరు 31 దాకా ఉంటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, అంతకు ముందరి ఆదాయాల రిటర్నులకు పాత చట్టమే వర్తిస్తుంది.

ఈ తేదీ తెలిసి ఉండడం వల్ల ఒక మేలుంది. ఆరు నెలలు దాటిందని ‘మీరు చట్టాన్ని ఉల్లంఘించారు’ అని రాస్తే, అవతలివాళ్లు ‘గడువు ఇంకా ఉంది’ అనే ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు. అదే ‘ఎందుకు ఆగిందో, నా వైపు నుంచి ఏదైనా బాకీ ఉందో చెప్పండి’ అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

ఆగిన కాలానికి వడ్డీ కూడా ఉంటుంది. టీడీఎస్ రూపంలో ఎక్కువ పన్ను కట్టి, రిటర్నును గడువులోపు వేస్తే, 244ఎ సెక్షన్ కింద అసెస్‌మెంట్ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి రిఫండ్ మంజూరైన రోజు దాకా నెలకు అర శాతం చొప్పున ఇస్తారు. నెలలో ఒక్క రోజున్నా పూర్తి నెలగానే లెక్క. గడువు దాటి వేస్తే రిటర్ను వేసిన రోజు నుంచే లెక్కిస్తారు. తేలిన పన్నులో రిఫండ్ పదో వంతుకన్నా తక్కువైతే వడ్డీ రాదు. మీ తప్పు వల్ల జరిగిన ఆలస్యానికి కూడా రాదు. వచ్చిన వడ్డీని మాత్రం మరుసటి రిటర్నులో ఆదాయంగా చూపాలి.

జాడ తీయడం ఇలా

ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ `www.incometax.gov.in` లో పాన్‌తో లాగిన్ కావాలి. `e-File` మీద నొక్కి, `Income Tax Returns`, తర్వాత `View Filed Returns` ఎంచుకుంటే మీరు వేసిన రిటర్నులన్నీ సంవత్సరాల వారీగా కనిపిస్తాయి. మీకు కావలసిన సంవత్సరం దగ్గర `View Details` తెరిస్తే, ఏ తేదీన ఏ దశ దాటిందో వరుసగా ఉంటుంది. ఏ దశ దగ్గర ఆగిపోయిందో అక్కడే మీ సమస్య ఉన్నట్టు.

మొదటి దశ వెరిఫికేషన్. రిటర్ను అప్‌లోడ్ చేయగానే పని అయిపోయిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వేసిన 30 రోజుల్లోపు ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్ ద్వారానో వెరిఫై చేయాలి. లేదా సంతకం చేసిన ఐటీఆర్-వి కాగితాన్ని బెంగళూరు సీపీసీకి పోస్టులో పంపాలి. ఇంకా వెరిఫికేషన్ పెండింగ్ అనే ఉంటే మీ రిటర్నును సీపీసీ ముట్టుకోనే లేదన్నమాట. 30 రోజులు దాటితే `Services` కింద `Condonation Request` ద్వారా, ఆలస్యానికి కారణం చెప్పి క్షమించమని కోరాలి. ఇక్కడ ఫిర్యాదు పెట్టి లాభం లేదు.

రెండో దశ ప్రాసెసింగ్. వెరిఫై అయింది, కానీ `Processed` అని రాలేదు. ఇలాంటప్పుడు ముందుగా చూడాల్సింది `Pending Actions` విభాగం. రిటర్నులో లోపం ఉందని 139(9) కింద నోటీసు వచ్చి ఉండవచ్చు. దానికి జవాబివ్వడానికి 15 రోజులే గడువు. మీరు చూపిన లెక్కకూ, శాఖ దగ్గరున్న సమాచారానికీ పొంతన లేదని సవరణ ప్రతిపాదిస్తూ లేఖ వచ్చి ఉండవచ్చు. దానికి 30 రోజులు. ఈ లేఖలు ఈమెయిల్‌లో వస్తాయి. రిటర్నును ట్యాక్స్ కన్సల్టెంట్ వేసిపెట్టి తన ఈమెయిల్, తన ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే ఆ లేఖలు మీదాకా రావు. ఏమీ లేకపోతే ఫారం 26ఏఎస్, ఏఐఎస్ తెరిచి, మీరు రిటర్నులో చూపిన టీడీఎస్ అంతా అక్కడ కూడా ఉందో లేదో సరిచూడండి. యజమానో, బ్యాంకో మీ దగ్గర పన్ను కోసి, తమ త్రైమాసిక స్టేట్‌మెంటులో మీ పాన్ తప్పుగా రాస్తే ఆ డబ్బు మీ పేరున కనిపించదు. దాన్ని దిద్దాల్సింది వాళ్లే, సీపీసీ కాదు.

ఈ దశలోనే ఇటీవల చాలామందికి ఎదురైన మాట ‘రిస్క్ మేనేజ్‌మెంట్’. తప్పుడు మినహాయింపులతో రిఫండ్లు రాబడుతున్నారని 2025 జులైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా సుమారు 150 చోట్ల తనిఖీలు చేసింది. ఆ డిసెంబరులో, రాజకీయ పార్టీలకు విరాళాలు ఇచ్చినట్టు చూపడం లాంటి అనుమానాస్పద క్లెయిములు ఉన్నవారికి రిటర్నును సరిచూసుకోమని ఎస్ఎంఎస్‌లు, ఈమెయిళ్లు పంపింది. మీకు అలాంటి సందేశం వచ్చి ఉంటే ముందు రిటర్నులోని ప్రతి మినహాయింపుకీ మీ దగ్గర రసీదు ఉందా అని చూసుకోండి. ఉంటే నిబ్బరంగా అడగవచ్చు. లేకపోతే, గట్టిగా అడిగే ముందు రిటర్నును సరిచేసుకునే దారి చూడాలి.

మూడో దశ సర్దుబాటు. `Processed` అని ఉన్నా డబ్బు తగ్గిందంటే, లేదా అసలు రాలేదంటే ఇంటిమేషన్ తెరవండి. ఆ పీడీఎఫ్ పాస్‌వర్డు చిన్న అక్షరాల్లో మీ పాన్, దాని వెంటే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. లోపల రెండు వరసలుంటాయి: మీరు చెప్పిన లెక్క ఒకటి, సీపీసీ వేసిన లెక్క ఒకటి. ఏ అంకె దగ్గర రెండూ విడిపోయాయో అక్కడే కారణం దొరుకుతుంది. పాత సంవత్సరాల బాకీ ఉందంటూ 245 సెక్షన్ కింద రిఫండ్‌ను దానికి జమ కట్టుకుని ఉండవచ్చు కూడా. అలా చేసే ముందు మీకు నోటీసు ఇవ్వాలి. దానికి 21 రోజుల్లో `Response to Outstanding Demand` లో జవాబివ్వాలి. బాకీ నిజం కాదనుకుంటే, అప్పట్లో కట్టిన చలానా వివరాలతో ఒప్పుకోవడం లేదని చెప్పాలి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే లెక్క. సీపీసీ వేసిన లెక్కే తప్పనిపిస్తే `Services` లోని `Rectification` దారి. అది ఫిర్యాదు కాదు, చట్టం ఇచ్చిన సవరణ హక్కు.

నాలుగో దశ బ్యాంకు. రిఫండ్ మంజూరైంది, కానీ ఖాతాలో పడలేదు. పాన్‌తో ముడిపడి, పోర్టల్‌లో ముందే సరిచూసిన ఖాతాకే రిఫండ్ పంపుతారు. చెక్కులు ఇప్పుడు లేవు. ఆధార్‌తో జోడించకపోవడం వల్ల పాన్ పనిచేయని స్థితిలో ఉంటే కూడా రిఫండ్ ఆగుతుంది, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు. విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఆ జోడింపు అవసరం లేదు. అయితే పోర్టల్‌లో తమ నివాస స్థితిని నాన్ రెసిడెంట్‌గా నమోదు చేసి ఉండాలి.

ఒక కేసు, మొదటి నుంచి చివరిదాకా

రాజమహేంద్రవరంలో ఉంటున్న ఒక రిటైర్డ్ టీచరును ఊహించుకుందాం. 2024-25లో ఆయన పింఛను 5,40,000 రూపాయలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద వడ్డీ 1,60,000. మొత్తం 7,00,000. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే 6,25,000 మిగులుతుంది. ఆ సంవత్సరం కొత్త విధానంలో 7 లక్షల దాకా రిబేటు ఉండేది కనుక పన్ను సున్నా. కానీ ఏడాది మొదట్లో బ్యాంకుకు 15హెచ్ ఫారం ఇవ్వకపోవడంతో వడ్డీ మీద 10 శాతం, అంటే 16,000 రూపాయలు టీడీఎస్ కోశారు. ఆ 16,000 ఆయనకు తిరిగి రావాలి.

2025 ఆగస్టులో రిటర్ను వేసి, అదే రోజు ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశారు. డిసెంబరైనా డబ్బు రాకపోయేసరికి అసెసింగ్ ఆఫీసరుకు ఫిర్యాదు పెట్టారు. ‘మీ రిటర్నును సీపీసీ ప్రాసెస్ చేసింది, మా దగ్గర పెండింగ్ ఏమీ లేదు’ అన్న జవాబుతో అది ముగిసింది. జవాబు నిజమే. కానీ ఆయన అడగాల్సిన చోటు అది కాదు.

అప్పుడు `View Details` తెరిచి చూస్తే అక్టోబరులోనే ప్రాసెస్ అయినట్టు ఉంది. ఇంటిమేషన్‌లో 16,000 అసలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7 నెలలకు నెలకు అర శాతం చొప్పున 560 వడ్డీ, మొత్తం 16,560 రూపాయలు మంజూరయ్యాయి. దాని కింద రిఫండ్ విఫలమైందని ఉంది. సీపీసీ తన పని తాను చేసేసింది, డబ్బు బ్యాంకు గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది.

`My Profile` లోని `My Bank Account` చూస్తే కారణం తెలిసింది. ఆయన ఇచ్చింది గ్రామీణ బ్యాంకు ఖాతా. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. ఆయన శాఖ ఐఎఫ్‌ఎస్‌సీ మారింది, పోర్టల్‌లో పాతదే ఉండిపోయింది. పోనీ పింఛను పడే ఖాతా ఇద్దామని చేర్చితే అదీ సరిపోలేదు. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకులో ఒక్క అక్షరంతో సరిపెట్టారు. మన పేర్లకు ఇది తరచూ వచ్చే చిక్కు. ఇంటిపేరు ముందో వెనకో, పొడిగానో పొడి అక్షరంగానో ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటుంది. చూసేవాళ్లకు అర్థమవుతుంది కానీ కంప్యూటరు ఒప్పుకోదు.

ఆయన పాన్ కాపీతో బ్యాంకుకు వెళ్లి కేవైసీలో పేరు మార్పించుకున్నారు. కొద్ది రోజుల తర్వాత పోర్టల్‌లో ఖాతాను మళ్లీ సరిచూపిస్తే `Validated` అని వచ్చింది. రిఫండ్‌కు ఆ ఖాతానే ఎంచుకున్నారు. తర్వాత `Services` లో `Refund Reissue` తెరిచి, ఆ సంవత్సరం రికార్డు, కొత్త ఖాతా ఎంచుకుని, ఓటీపీతో వెరిఫై చేసి విజ్ఞప్తి పంపారు. ఈసారి డబ్బు పడింది. అయితే వచ్చింది 16,560 మాత్రమే. అక్టోబరు తర్వాతి ఆలస్యం ఖాతా వల్ల జరిగింది కాబట్టి దానికి వడ్డీ ఆశించడానికి లేదు. ఈ వ్యవహారం మొత్తంలో పనికొచ్చిన ఫిర్యాదు ఒక్కటీ లేదు. పనికొచ్చింది ఒక స్క్రీన్, ఒక కేవైసీ ఫారం.

అప్పటికీ కదలకపోతే

మీ వైపు ఏ బాకీ లేదు, ఖాతా సరిగ్గా ఉంది, నోటీసులు లేవు, అయినా నెలల తరబడి ప్రాసెసింగ్ దగ్గరే ఆగింది. అప్పుడే ఫిర్యాదుకు అర్థం ఉంటుంది.

మొదట ఫోన్. శాఖ హెల్ప్‌లైన్ 1800 103 0025. సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేస్తుంది. కారణాన్ని రాబట్టడానికే ఈ ఫోన్, దెబ్బలాటకు కాదు. మాట్లాడిన తేదీ, చెప్పిన మాట రాసిపెట్టుకోండి, రేపు రాసే విజ్ఞప్తికి అదే ఆధారం. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికే ‘రిఫండ్ హెల్ప్‌లైన్’ నంబర్లకు మాత్రం చేయకండి. కార్డు నంబరో, యూపీఐ పిన్నో ఇస్తే రిఫండ్ వేస్తామనేవాడు ఆదాయపు పన్ను శాఖ మనిషి కాడు.

తర్వాత పోర్టల్‌లోని `Grievances` విభాగం. ఇక్కడే ఎవరికి అన్నది ఎంచుకోవాలి. ప్రాసెసింగ్ ఆగితే సీపీసీ-ఐటీఆర్. మంజూరై, ఖాతా సరిగ్గా ఉండి, రీఇష్యూ తర్వాత కూడా పడకపోతే స్టేట్ బ్యాంకు. కేసును అసెసింగ్ ఆఫీసరుకు బదిలీ చేసినట్టు కనిపిస్తే, లేదా పాత బాకీ వివాదమైతే ఆ ఆఫీసరు. ఆయన ఎవరో `Know Your AO` లో పాన్ ఇస్తే తెలుస్తుంది. తేలిక ఇంగ్లిషులోనో హిందీలోనో రాయండి. లాయరు భాష అక్కర్లేదు. మాట తీరు ఇలా ఉంటే చాలు:

“అయ్యా, 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి నా రిటర్నును 2025 ఆగస్టులో దాఖలు చేసి, అదే రోజు వెరిఫై చేశాను. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఇది. రిఫండ్ మొత్తం 16,000 రూపాయలు. నేటికీ ప్రాసెసింగ్ పూర్తి కాలేదు. పెండింగ్ చర్యలు, బాకీలు నా వైపు ఏమీ కనిపించలేదు. బ్యాంకు ఖాతా సరిచూసి ఉంది. టీడీఎస్ 26ఏఎస్‌తో సరిపోతోంది. దయచేసి ఆగడానికి కారణం తెలపగలరు. నా నుంచి ఏదైనా పత్రం కావాలంటే చెప్పండి, వెంటనే పంపుతాను.”

ఇందులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. ఆరోగ్యం బాగాలేదు, పిల్లల ఫీజు కట్టాలి అనే మాటలు రాస్తే అవతల చదివే ఉద్యోగికి జాలి కలగవచ్చు, కానీ వెతకడానికి ఆధారం దొరకదు. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ, ఆగిన దశ, మీరు సరిచూసుకున్నవి, ఒకే ఒక్క ప్రశ్న. ఈ ఐదూ ఉన్న ఫిర్యాదును ‘వివరాలు చాలవు’ అని మూసేయలేరు. ఆధార్ నంబరు, పూర్తి ఖాతా నంబరు రాయకండి.

దానికి పొడి జవాబు వస్తే, లేదా నెల దాటినా రాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ `pgportal.gov.in`, అంటే సీపీగ్రామ్స్. ఆర్థిక శాఖ కింద ప్రత్యక్ష పన్నుల బోర్డును ఎంచుకుని, మొదటి ఫిర్యాదు నంబరు, దానికి వచ్చిన జవాబు జతపరచండి. 2024 ఆగస్టులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇక్కడ 21 రోజుల్లో పరిష్కరించాలి. ముగింపు మీకు తృప్తిగా లేకపోతే 30 రోజుల్లో అదే చోట అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలులో కోపం కాక, జవాబు ఏ ప్రశ్నను వదిలేసిందో ఒక్క వాక్యంలో చూపాలి. ఒకే విషయం మీద నాలుగు చోట్ల ఒకేసారి ఫిర్యాదులు పెడితే, ‘ఇప్పటికే వేరే చోట పరిశీలనలో ఉంది’ అని అన్నిటినీ మూసే వీలు మీరే ఇచ్చినట్టు. ఒకటి ముగిశాకే పై మెట్టు ఎక్కాలి.

పెద్ద మొత్తం ఏ కారణం చెప్పకుండా చట్టం గడువు కూడా దాటిపోతే, ఆ దశలో మిగిలేది హైకోర్టులో రిట్ పిటిషన్. అక్కడిదాకా వెళ్లాల్సి వస్తే, ఇన్నాళ్లూ తేదీలతో సహా దాచుకున్న జవాబులే మీ కేసు. పదహారు వేల కోసం ఎవరూ అక్కడిదాకా వెళ్లరు. వెళ్లకుండా చూసుకునే పని ఏడాది మొదట్లోనే ఉంది. పన్ను పడని ఆదాయమే అయితే ఏప్రిల్‌లోనే బ్యాంకుకు డిక్లరేషన్ ఫారం ఇచ్చి టీడీఎస్ కోయకుండా ఆపవచ్చు. రిటర్ను వేసేముందు పాన్‌లో, బ్యాంకులో పేరు ఒక్కటేనా, ఐఎఫ్‌ఎస్‌సీ తాజాదేనా అని చూడడానికి పది నిమిషాలు చాలు. ఈమెయిల్, ఫోన్ నంబరు మాత్రం కన్సల్టెంటువి కాకుండా మీవే ఇవ్వండి.